పది పాఠాల వరస

శనివారం సాయంత్రం హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి వచ్చిన నోట్సు పుస్తకం సోమవారం పొద్దున తిరిగి చేతికొచ్చేసరికి ఎలీషబా దాన్ని గుర్తుపట్టలేకపోయింది. అట్ట తనదే, దస్తూరీ తనదే. లోపల మాత్రం పుటపుటకూ ఎర్రసిరా. ఒకటో పాఠం మొత్తం అడ్డంగా కొట్టేసి ఉంది. రెండోదీ అంతే. అయిదో పాఠం నెత్తిన ‘1’ అని వేసి ఉంది. ఏడోది రెండయింది. తొమ్మిదోది మూడయింది. మిగిలినవి ఆ మూడింటి వెనక ఎట్లాగో అట్లా సర్దుకున్నాయి. పది పాఠాలు ఎనిమిదయ్యాయి. ఆఖరు పుటలో ‘ఈ క్రమమున బోధించవలయును’ అని రాసి, హెడ్మాస్టరు సంజీవరావు దస్కతు.

అది కంభం చెరువు ఆయకట్టు కింద ఒక పల్లెలో బోర్డు వారి హయ్యర్ ఎలిమెంటరీ బడి. ఊరి పేరుతో మనకు పని లేదు. పంతొమ్మిది వందల ముప్పై ఏడులో సంగతి ఇది. ఆ చుట్టుపక్కల తాలూకాలన్నీ అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఎలీషబా ఆ బడిలో ఆరో తరగతి టీచరు. ట్రైనింగు చదివి వచ్చి ఆరేళ్ళు. మాలపల్లె నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్ల. సంజీవరావు ఆమె చేతి నుంచి ఏదీ అందుకోడు, బల్ల మీద పెట్టమంటాడు. ఆరేళ్ళుగా ఆమె బల్ల మీదే పెడుతోంది.

ఆ పది పాఠాల వెనక ఒక వేసవి మొత్తం ఉంది. ఏప్రిల్లో కంభంలో జరిగిన టీచర్ల సంఘం మీటింగుకు వచ్చిన డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఆదినారాయణ ఒక మాట అన్నాడు. ఇక్కడి పిల్లలు ఢిల్లీ సుల్తానుల పేర్లు గడగడా అప్పజెబుతారు గాని, తాము నీళ్ళు తాగే చెరువు ఎవరి కాలంలో కట్టిందో, దాని కింద ఎవరు ఎట్లా బతికారో చెప్పలేరు, స్థానిక చరిత్ర మీద పది పాఠాలు ఎవరైనా తయారుచేసి ఆరో తరగతిలో చెప్పి చూపించండి అన్నాడు. ఎవరూ లేవలేదు. ఎలీషబా లేచింది.

ఎండలో చెరువుకట్ట ఈ కొండ నుంచి ఆ కొండ దాకా నడిచింది. తూము దగ్గర పక్కకు పడి ఉన్న రాతి మీది అక్షరాలు సున్నం పూసి, తుడిచి, కాగితం మీదికి ఎక్కించుకుంది. ముసలివాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ తర్వాత రాయడానికి కూర్చుని, ముందు పదో పాఠం రాసింది. పిల్లలు చివరికి ఏం చెయ్యగలగాలి? మా చెరువు కథ ఇది అని సొంతంగా చెప్పగలగాలి, చెప్పిన ప్రతి మాటకూ ‘ఇది మాకెట్లా తెలుసు’ అన్నదానికి జవాబు ఇయ్యగలగాలి. అది చెయ్యాలంటే తొమ్మిదో పాఠం నాటికి వాళ్ళకు ఏం తెలిసి ఉండాలి? అది తెలియాలంటే ఎనిమిదో పాఠంలో ఏం జరగాలి? అట్లా వెనక్కి వెనక్కి నడిచి ఒకటో పాఠం దగ్గరికి వచ్చింది.

ఒకటో పాఠంలో రాజులు లేరు. ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తెమ్మనడం, దాని గురించి ఇంట్లో వాళ్ళు ఏం చెప్పారో అడగడం, వస్తువు చెప్పేదీ మనిషి చెప్పేదీ ఒకటేనా అని చూడడం. రెండో పాఠంలో ఒక నులకతాడు. తరానికో ముడి. ముందు ఏది, వెనక ఏది, ఎంత దూరంలో అని చేత్తో పట్టి చూసుకోవడం. మూడు చెరువు. నాలుగు రాయి. అయిదు చెరువులు కట్టించిన విజయనగరపు రాజులు. ఆరు పాళెగాళ్ళూ నవాబులూ. ఏడు కంపెనీ దొరలు. ఎనిమిది అరవై ఏళ్ళ కిందటి ధాత కరువు. తొమ్మిది రైలు. ప్రతి పాఠం మొదట్లో రెండు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తాయి: ఇది మనకెట్లా తెలుసు? చెరువు నీళ్ళకు ఎవరు ఎవరికి ఏం ఇచ్చుకున్నారు? ప్రశ్నలు అవే. జవాబు మాత్రం పాఠం పాఠానికీ పెరుగుతుంది. రాజుల కాలంలో పంటలో పాలు, అంటే పండినదాంట్లో ఇంత వంతు, కంపెనీ వచ్చాక రొక్కం. ఆ తేడా ఏడో పాఠంలో పిల్లవాడి మనసుకు ఎక్కితేనే ఎనిమిదో పాఠంలో కరువు అంటే వానలు లేకపోవడం ఒక్కటే కాదని తెలుస్తుంది.

ఆ రెండు ప్రశ్నలనూ సంజీవరావు ఎనిమిది చోట్ల కొట్టేసి, పక్కన ‘పునరుక్తి’ అని రాశాడు.

బడి గంట ఇంకా కొట్టలేదు. ఎలీషబా పుస్తకం తీసుకుని ఆయన గదికి పోయింది.

“ఈ వరస నాకు అర్థం కాలేదు సార్” అంది.

“అర్థం కాకపోనీకి ఏముంది దాంట్లో?” సంజీవరావు ముక్కుపొడి డబ్బీ మూసి పక్కన పెట్టాడు. “ఇన్‌స్పెక్టరు గారు ఆగస్టులో వస్తారు. ఆయన వచ్చేసరికి మన పిల్లోళ్ళు పాత చెంబులు, నులకతాళ్ళు పట్టుకోని కూర్చుంటే చూసేదానికి బాగుంటాదా? రాజులు, కంపెనీ, రైలు, ఇవి ముఖ్యం. ముందు ముఖ్యమైనవి అయిపోవల్ల. రైలు, కంపెనీ రెండూ సర్కారు చేసిన మేళ్ళు, ఒకచోట ఉండవల్ల. కరువు వెనక్కి పెట్టినా. ఉంటే ఉంటాది, లేకుంటే లేదు.”

“రైలు ఎందుకు వచ్చిందో తెలియాలంటే కరువు ముందు తెలియాలి సార్. ఆ కరువులో ఈ పక్కకు గింజలు చేర్చే దారి లేదు. కాబట్టే ఆ తర్వాత ఈ లైను వేసినారు. కరువు చెప్పకుండా రైలు చెప్తే అది ఊరికే ఒక బండి.”

“చెప్పినదే చెప్తా పోతే సంవత్సరం చాలదు. ఒకసారి చెప్పినాక మళ్ళీ ఎందుకు?”

“చెప్పినదే కాదు సార్. అడిగినదే అడుగుతాను. నాలుగో పాఠంలో రాయిని అడిగినట్టే ఎనిమిదో పాఠంలో కరువు చూసిన ముసలోళ్ళను అడుగుతారు. మొదట అడిగేది రాకుంటే తర్వాత అడగలేరు.”

సంజీవరావు ఆమె మొహంలోకి చూడలేదు. కిటికీ బయట పలకలు కడుక్కుంటున్న పిల్లలను చూస్తూ అన్నాడు: “ఎలీషబమ్మా, నీకు ట్రైనింగు ఇచ్చినోళ్ళు ఏమేమో నేర్పినారు. ఈ బడికి హెడ్మాస్టరును నేను. నేను రాసిన వరసలో చెప్పు. చెప్పనంటే ఆ మాట కాగితం మీద రాసియ్యి.”

కాగితం మీద రాసిస్తే ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. రాసియ్యలేదు. ఆ వరసలోనే చెప్పింది. తర్వాత చాలా రోజులు ఆమెను తొలిచింది సంజీవరావు ఎర్రసిరా కాదు, ఈ సంగతి. తప్పని తెలిసీ తన నోటితోనే చెప్పింది.

మొదటి పాఠంలో రాజుల పేర్లు. పిల్లలు వల్లె వేశారు. రెండో పాఠంలో కంపెనీ. “కంపెనీకి ముందు ఎవరు?” అని అడిగితే “రాజులు” అన్నారు. నడుమ రెండు వందల యేండ్ల పాళెగాళ్ళూ నవాబులూ గాలికి పోయారు. మూడో పాఠంలో రైలు. ఆ రోజు పిల్లలకు సంబరం, అందరూ కూత పెట్టారు. నాలుగో పాఠంలో చెరువు చెప్పేసరికి కాటమరాజు అని ఒక గొర్రెలవాళ్ళ పిల్లవాడు రైలు వచ్చినాక చెరువు కట్టినారా అని అడిగాడు. వాడి తప్పేమీ లేదు. ముందు చెప్పింది ముందు జరిగిందనుకున్నాడు. ముందూ వెనకా చూపించే తాడు పాఠం కొట్టివేతలో పోయింది. ఎలీషబా కాదని చెప్పింది గాని, ఒక్కొక్కరి తప్పూ ఒక్కొక్క మాటతో దిద్దుకుంటూ ఎంతదూరం పోగలదు?

ఏడో పాఠం కరువు. ధాత సంవత్సరంలో వానలు లేవని, జనం పల్లెలు వదిలి నడిచి పోయారని, రాళ్ళు కొట్టే పనికి పోయి గంజి తాగారని చెప్పింది. మూడో బెంచీలో కుల్సుమ్ లేచి నిలబడింది. తాళ్ళూ మోటబానలూ అమ్మే రసూల్ కూతురు. మాట తక్కువ పిల్ల, లేచిందంటే ఏదో ఉన్నట్టు.

“టీచరమ్మా, రైలు ఉండంగా నడిచి ఎందుకు పోయినారు?”

ఎలీషబా సుద్దముక్క బల్ల మీద పెట్టింది. వేసవి మొత్తం ఏ ప్రశ్న పిల్లల నోట రావాలని కోరుకుందో అది తలకిందులై వచ్చింది. రైలు అప్పటికి లేదమ్మా అని చెప్పింది. అట్లయితే మనం ముందే ఎందుకు చదివినాం అని కుల్సుమ్ అడగలేదు. కూర్చుంది. కానీ ఆ పిల్ల మొహంలో మబ్బు తొలగలేదు.

ఆగస్టులో రావలసిన ఇన్‌స్పెక్టరు సెప్టెంబరు మొదటివారంలో వచ్చాడు. అప్పటికి ఎనిమిది పాఠాలూ అయిపోయాయి. ఆదినారాయణ సన్నటి మనిషి, కంభం స్టేషనులో దిగి జట్కాలో వచ్చాడు, సాయంత్రం బండికే తిరిగి పోవాలి. ఆరో తరగతిలో కూర్చుని రాజుల పేర్లు అడిగాడు. చెప్పారు. రైలు ఎందుకు వేశారని అడిగాడు. “ప్రయాణ సౌకర్యము కొరకు” అన్నారు అందరూ ఒక్క గొంతుతో. గోడ పక్కన నిలబడ్డ సంజీవరావు తల ఊపాడు. కరువు సంగతి ఎవరైనా చెప్తారా అన్నాడు ఆదినారాయణ.

కుల్సుమ్ లేచింది. “సార్, మా దాది, మా నాయనమ్మ, ధాత కరువులో నడిచి పోయినాది. అప్పుడు రైలు చూడలేదంటాది. మాకు రైలు ముందు చెప్పినారు, కరువు వెనక చెప్పినారు. మా దాది అబద్ధం చెప్తాందా సార్?”

ఆదినారాయణ ఏదో అడగబోయాడు. అంతలో సంజీవరావు నవ్వేశాడు. “ముసల్ది సార్, మతి లేదు. ఈ పిల్లకు చదువు ఎక్కదు. కూర్చో నువ్వు.” ఆయన నవ్వితే ముందు బెంచీ పిల్లలూ నవ్వారు. కుల్సుమ్ కూర్చోలేదు. కొంచెంసేపు అట్లాగే నిలబడి, తర్వాత కూర్చుంది. ఆదినారాయణ గడియారం చూసుకున్నాడు. ఇన్‌స్పెక్షను పుస్తకంలో ‘ఆరవ తరగతి, చరిత్ర: పిల్లలకు కాలక్రమజ్ఞానము లేదు’ అని రాసి జట్కా ఎక్కాడు.

మరునాడు సంజీవరావు రెండు పనులు చేశాడు. కాలక్రమజ్ఞానము లేకపోవడానికి సంజాయిషీ ఇయ్యమని ఎలీషబాకు కాగితం పంపాడు. రసూల్‌ను బడికి పిలిపించి, ఆడపిల్లను ఇంతవరకు చదివించింది చాలు, ఇంటి పని నేర్పించుకో అన్నాడు. రెండో సంగతి ఎలీషబాకు మధ్యాహ్నం తెలిసింది. మూడో బెంచీలో ఒక చోటు ఖాళీగా ఉంది.

బడి వదలగానే రసూల్ దుకాణానికి పోయింది. రసూల్ మోకుకు పురి ఎక్కిస్తున్నాడు. ఆమెను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు.

“కూర్చో టీచరమ్మా. ఏంది ఇట్ల వచ్చినావు?”

“పిల్లను ఎందుకు ఆపినావు అన్నా?”

“నేనా ఆపింది?” రసూల్ చేతిలోని మోకు వదలలేదు. “పెద్దయ్య పిలిచి, చదువు ఎక్కదన్నాడు. అంత పెద్ద మనిషి చెప్తే నేను కాదంటానా? మా అమ్మను మతి లేదన్నాడంట. పిల్ల ఇంటికొచ్చి అన్నం తినలేదు.”

దుకాణం వెనక గుమ్మం దగ్గర మంచం మీద ముసలామె బాషాబీ కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషి. చూపు తగ్గింది గాని మాట తగ్గలేదు. “ఇట్ల రా బేటీ” అంది. “నా మతి సంగతి నన్ను అడుగు. నాకు పదేండ్లు అప్పుడు. మా నాయన చెరువు అడుగున నడిచి పోయినాడు, అంత ఎండింది చెరువు. మేము నంద్యాల దిక్కు నడిచినాం. దావలో రాళ్ళు కొట్టినాం. మా తమ్ముడు దావలోనే పోయినాడు. రైలు ఎక్కడుంది? అది నాకు పెండ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినాక వచ్చింది. కంకర మోసినోళ్ళలో మా ఆయన ఒకడు. పుస్తకంలో వేరే ఉందంటే ఆ పుస్తకం తీసుకోని రా. నేను చెప్తా.”

కుల్సుమ్ తలుపు చాటున నిలబడి వింటోంది. ఎలీషబా ఆ పిల్లను దగ్గరికి పిలిచింది.

“నువ్వు అడిగింది సరైన ప్రశ్న. మీ దాది చెప్పేది నిజం. తప్పు నేను చెప్పిన వరసలో ఉంది.”

“తప్పని తెలిసి ఎందుకు చెప్పినావు టీచరమ్మా?” అంది కుల్సుమ్.

ఇంటికి పోయే దారంతా ఆ మాట ఎలీషబా చెవిలో ఉంది. సంజాయిషీ కాగితం మీద ఆ సాయంత్రం ఒకే వాక్యం రాసింది: ‘పాఠముల క్రమము నాది కాదు, ఎర్రసిరాతో ఉన్న నోట్సు పుస్తకము చూడవలసినదిగా కోరెదను.’ రాసి, మరునాడు బల్ల మీద పెట్టలేదు. సంజీవరావు చేతికి చాచింది. ఆయన అందుకునేవరకు చెయ్యి వెనక్కి తీయలేదు.

ఆ నెల మూడో శనివారం గిద్దలూరులో సంఘం మీటింగు. ముప్పై మంది దాకా టీచర్లు. ఆదినారాయణ అధ్యక్షత. ‘స్థానిక చరిత్ర బోధన’ మీద సంజీవరావు మాట్లాడతారని కార్యక్రమంలో ఉంది. ఆయన లేచి తన ఎనిమిది పాఠాల పట్టీ చదివాడు. పిల్లలు మందబుద్ధులు కావడం వల్ల ఫలితం అనుకున్నంత రాలేదని, పల్లెటూళ్ళలో ఇట్లాంటి ప్రయోగాలు సాగవని తేల్చాడు.

కొమరోలు నుంచి వచ్చిన వెంకటసుబ్బయ్య అనే ముసలి టీచరు చెయ్యెత్తాడు. “అయ్యా, తప్పుగా అనుకోవద్దు. రైలు మూడోది అన్నారు, కరువు ఏడోది అన్నారు. నాకే తికమకగా ఉంది. పిల్లోళ్ళకు ఉండదా?”

కొందరు నవ్వారు. ఎలీషబా లేచి నిలబడింది. ఆడవాళ్ళు ముగ్గురే ఉన్నారు ఆ గదిలో, లేచి మాట్లాడినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. చేతిలో నోట్సు పుస్తకం.

“ఈ పాఠాలు నేను రాసినవి” అంది. “రాసింది పది. చదివింది ఎనిమిది. వరస మార్చింది నేను కాదు. మందబుద్ధి పిల్లలది కాదు. పన్నెండేళ్ళ పిల్ల రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి చూసుకోని, ఇవి రెండూ కలవడంలేదు అని అడిగింది. చరిత్ర చదివినోళ్ళు చెయ్యాల్సిన పని అదే. దానికి ఆ పిల్లను బడి నుంచి పంపించినారు.”

సంజీవరావు మొహం ఎర్రబడింది. “ఇది సభ. నీ ఇంటి సంగతులు ఇక్కడ కాదు.”

“ఉండండి” అన్నాడు ఆదినారాయణ. ఆ పిల్ల లేచి నిలబడిన తీరు ఆయనకు గుర్తుంది. పుస్తకం తెప్పించుకుని పుటలు తిప్పాడు. నీలిసిరా అంకెలూ ఎర్రసిరా అంకెలూ వేలు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, “ఇక్కడి బడి పిల్లలు ఇరవై మందిని పక్క గదిలో కూర్చోబెట్టినాం మాదిరి పాఠానికి. నీ కరువు పాఠం ఇప్పుడు చెప్పి చూపించు. అందరమూ చూస్తాం” అన్నాడు.

ఇది దొరకని అవకాశమని గదిలో అందరికీ తెలుసు. బాగా చెప్పగలనని ఎలీషబాకూ తెలుసు. ధాత కరువు చెప్తే ఏ పిల్లలకైనా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, పెద్దవాళ్ళు మెచ్చుకుంటారు.

“చెప్పలేను సార్” అంది.

“ఎందుకని?”

“ఆ పిల్లలు ముందు ఏడు పాఠాలూ చదవలేదు. పంటలో పాలు అంటే వాళ్ళకు తెలియదు, రొక్కం ఎప్పుడు వచ్చిందో తెలియదు. పంట తగ్గితే పాలు తగ్గుతాది, రొక్కం తగ్గదు, మాఫీ అడుక్కోవాల. అది వాళ్ళు తెలుసుకోని కరువు దగ్గరికి రావాల. నేను ఇప్పుడు పోయి చెప్తే అది ఏడిపించే కథ అవుతాది, ఎనిమిదో పాఠం కాదు. ఒక్కటే చెప్పనీకి అవుతాదని నేనే చూపిస్తే, సార్ చేసినదాంట్లో తప్పేముంది?”

వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆదినారాయణ ఆమెవైపు తిరిగాడు. “మరి ఏం చెయ్యమంటావు?”

“నా తరగతి నాకియ్యండి. మొదటి పాఠం నుంచి పది పాఠాలు, నేను రాసిన వరసలో. కుల్సుమ్ ఆ బెంచీలో ఉండాల. పదో రోజు మీరొచ్చి ఏదైనా అడగండి. పిల్లలకు జవాబు రాకుంటే నేను రాజీనామా ఇచ్చి పోతాను.”

“రాజీనామా మాట వద్దు” అన్నాడు ఆదినారాయణ. సంజీవరావు వైపు చూసి, “ఆ పిల్లను సోమవారం బడికి పిలిపించండి” అన్నాడు.

ఒకసారి తప్పుగా నేర్పినదాన్ని మళ్ళీ నేర్పడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. మొదటిరోజు పిల్లలు రాజుల పేర్లు మొదలుపెట్టారు. వద్దని ఆపింది. ఇంటి నుంచి తెచ్చిన వస్తువులు బల్ల మీద పెట్టించింది. కాటమరాజు గొంగడికి పెట్టుకునే పాత పిన్నీసు తెచ్చాడు. వాడి నాయన అది తాతదన్నాడు, అవ్వ ఏమో సంతలో కొన్నదంది. “ఎవరిని నమ్మాల?” అన్నాడు వాడు. ఇట్లాంటి జవాబులేని ప్రశ్నతో గంట కొట్టడం ఆ బడిలో అదే మొదలు.

రెండోరోజు తాడు. ముడికి పాతికేళ్ళు. పిల్లలు తమ పుట్టుక దగ్గర ఒక గుడ్డపీలిక కట్టి, నాయన పుట్టుక, అవ్వ పుట్టుక కట్టుకుంటూ పోయారు. రెండున్నర ముళ్ళ దగ్గర కరువు. దానికి అర ముడి ఇవతల రైలు. ఆ అర ముడి చూసి కుల్సుమ్ ఏమీ అనలేదు, పీలికను గట్టిగా బిగించింది. చెరువు కట్టిన చోటు పదహారు ముళ్ళ అవతల ఎక్కడో పడింది. తాడు చాలక గుమ్మం దాటి వరండాలోకి పోయింది. ఇంత దూరమా అన్నారు పిల్లలు.

నాలుగో పాఠానికి తూము దగ్గరికి తీసుకుపోయి రాయి చూపించింది. అరిగిపోయిన అక్షరాల్లో ఎవరో ఎవరికో భూమి ఇచ్చినట్టుంది, పేరు పోయింది. “గొంగడి పిన్నీసు మాదిరే” అన్నాడు కాటమరాజు, “ఇదీ సగమే చెప్తాది.” ఆమె ఆ మాట చెప్పలేదు. వాడే మూడు రోజుల వెనక్కి పోయి తెచ్చుకున్నాడు. దీనికోసమే కదా సంజీవరావు పునరుక్తి అని కొట్టేసిన ప్రశ్న. ఆమెకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఇంత తేలికైన దాన్ని కొట్టేయడానికి ఒక మనిషికి ఎంత ధీమా ఉండాలి.

ఎనిమిదో పాఠం రోజు బాషాబీని ఎద్దుబండిలో బడికి తెచ్చారు. తరగతిలో కుర్చీ వేశారు. పిల్లలు ఆమెను ప్రశ్నలు అడిగారు. తర్వాత ఎలీషబా ఆ కరువు గురించిన సర్కారు పుస్తకం నుంచి రాసుకొచ్చిన నాలుగు వాక్యాలు చదివింది. ఎంతమంది పనికి వచ్చారు, ఎక్కడెక్కడ రాళ్ళు కొట్టించారు అని ఉంది అందులో.

“మీ తమ్ముని పేరు దాంట్లో లేదు దాదీ” అంది కుల్సుమ్.

“ఉండదు” అంది బాషాబీ.

“దాంట్లో ఎంతమందో ఉంది, నీకు అది తెలియదు. నీకు తెలిసింది దాంట్లో లేదు. రెండూ కావాల.” కుల్సుమ్ నల్లబల్ల మీది ఏడో పాఠం మాటల వైపు చూసింది. “టీచరమ్మా, గింజలు తెచ్చే దావ లేదు. రొక్కం కట్టాల. పంట లేదు. మళ్ళీ ఇట్ల కాకుండా ఉండనీకి ఏం చేసినారు? ఏదో ఒకటి చేసి ఉండాల కదా.”

తొమ్మిదో పాఠం రేపు. ఎలీషబా రైలు అన్న మాట నోట రానియ్యలేదు. తాడు మీద అర ముడి ఇవతల కట్టిన పీలిక వైపు పిల్లలే చూశారు.

పదోరోజు ఆదినారాయణ వచ్చి గంటన్నర కూర్చున్నాడు. ఆ రోజు సాయంత్రం బండి ఆయనకు తప్పిపోయింది. పిల్లలు చెరువు కథ చెప్పారు. మాటమాటకూ ఆయన “ఇది మీకెట్ల తెలుసు?” అని అడ్డం పడ్డాడు. రాయి చెప్పిందన్నారు, దాది చెప్పిందన్నారు, సర్కారు పుస్తకమన్నారు. రెండుచోట్ల “తెలియదు సార్” అన్నారు. ఆ తెలియదన్న మాటకే ఆయన ఎక్కువ సంతోషించాడు.

ఆ తర్వాత జరిగింది ఇది. కుల్సుమ్ బడిలో ఉండిపోయింది. పాఠాలు తాలూకా బడులన్నిటికీ పంపాలని ఆదినారాయణ పైకి రాశాడు. నెల తిరగకముందే ఎలీషబాకు పెద్దదోర్నాల బడికి బదిలీ వచ్చింది. పై అధికారిపై సభలో అగౌరవంగా మాట్లాడినందుకు అని రాయలేదు. పరిపాలనా సౌకర్యము కొరకు అని రాశారు.

జనవరిలో దోర్నాల బడికి ఆ పాఠాల కాగితాలు వచ్చాయి. పైన ‘ప్రధానోపాధ్యాయులు శ్రీ సంజీవరావుగారి పర్యవేక్షణలో తయారైనవి’ అని ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. అది చదివి ఎలీషబా పెద్దగా చలించలేదు, అట్లాంటిదేదో ఉంటుందని అనుకునే ఉంది. వరస సరిగా ఉందా అని చూసుకుంది. కరువు ముందు, రైలు వెనక. సరిగానే ఉంది. కానీ పాఠాలు తొమ్మిదే. ఒకటో పాఠం లేదు. అడుగున చిన్నక్షరాలతో ‘స్థలాభావముచే ప్రారంభ విషయములు విడువబడినవి’ అని ఉంది.

శ్రీశైలం పోయే యాత్రికుల బండ్లు కిటికీ బయట వరసగా పోతున్నాయి. ఆమె ఆ కాగితాలు పట్టుకుని బడి వదిలేవరకు కూర్చుంది. ఆదినారాయణకు ఉత్తరం రాయడానికి కలం తీసింది. ఏం రాస్తాడాయన జవాబు? అమ్మా, నీ పేరు పెడితే పైవాళ్ళు ప్రశ్నలు వేస్తారు, వచ్చినంతవరకు మేలనుకో అంటాడు. మంచివాడే. మంచివాళ్ళు కూడా మొదటి పాఠాన్నే వదిలేస్తారు, అది వాళ్ళకు పాఠంలా కనిపించదు కాబట్టి. ఆమె ఉత్తరం మొదలుపెట్టలేదు.

సంఘం మీటింగులో పరిచయమైన టీచర్లు ఎందరున్నారో లెక్కపెట్టుకుంది. కొమరోలు వెంకటసుబ్బయ్యతో కలిపి పదకొండు బడులు. తెల్లకాగితాలు పదకొండు తీసుకుని, ఒకటో పాఠం మొదటి వాక్యం నుంచి రాయడం మొదలుపెట్టింది. ‘పిల్లలను ఇంటి నుండి ఒక పాత వస్తువు తెమ్మనవలెను.’ మూడో కాగితానికి వేళ్ళు నొప్పి పుట్టాయి. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గాలని కూడా ఆమెకు లేదు. ఒక్కొక్క కాగితం అడుగున, ఇంతవరకు ఏ నోట్సులోనూ రాయని విధంగా, ‘ఈ పాఠము లేక తక్కినవి నడవవు’ అని రాసి, దాని కింద తన పేరు పూర్తిగా రాసింది.